డిఫాల్ట్ మోడ్ నెట్‌వర్క్ ఫలితాన్ని విద్యార్థి రిపోర్టులో జాగ్రత్తగా రాయడం ఎలా?

సైకాలజీ, కాగ్నిటివ్ సైన్స్ విద్యార్థుల ప్రాజెక్టు రిపోర్టులు చదివేటప్పుడు నాకు ఏటా ఒక వాక్యం ఎదురవుతుంది. మాటలు కొంచెం అటూ ఇటూ మారతాయి గానీ సారం ఇదే:

"డిప్రెషన్ ఉన్నవాళ్లలో డిఫాల్ట్ మోడ్ నెట్‌వర్క్ ఎక్కువగా పనిచేస్తుంది, అందుకే వాళ్లు జరిగిపోయినవాటినే పదే పదే తలుచుకుంటూ ఉంటారని రెస్టింగ్ స్టేట్ స్కాన్ రుజువు చేసింది."

చదవడానికి బాగుంది. కానీ ఇందులో కనీసం నాలుగు పొరపాట్లున్నాయి. ఆ నాలుగూ పెద్ద పత్రికల్లో కూడా కనిపించేవే కాబట్టి విద్యార్థిని తప్పు పట్టలేం. ఈ వాక్యాన్నే ముందు పెట్టుకుని ఒక్కో మెట్టూ దిద్దుకుంటూ పోదాం. మీ ప్రాజెక్టు డిప్రెషన్ గురించి కాకపోయినా, ఏడీహెచ్‌డీ గురించైనా, ధ్యానం గురించైనా ఇవే మెట్లు పనికొస్తాయి.

1. ముందు రెండు మాటల్ని విడదీయండి

మెదడులోని కొన్ని భాగాల సమూహమైన డిఫాల్ట్ మోడ్ నెట్‌వర్క్ వేరు, రెస్టింగ్ స్టేట్ వేరు. చాలా రిపోర్టుల్లో ఈ రెండూ ఒకటే అన్నట్టు కలిసిపోతాయి.

రెస్టింగ్ స్టేట్ అంటే స్కాన్ తీసే పద్ధతి. మనిషిని ఎఫ్ఎంఆర్ఐ యంత్రంలో పడుకోబెట్టి, ఏ పనీ చెప్పకుండా, "ఈ ప్లస్ గుర్తును చూస్తూ కదలకుండా ఉండండి, నిద్రపోకండి" అని చెప్పి కొన్ని నిమిషాలు స్కాన్ చేస్తారు. అలా తీసిన డేటాలో మెదడులోని అన్ని నెట్‌వర్కులూ కనిపిస్తాయి: చూపుకు సంబంధించినవి, కదలికకు సంబంధించినవి, ఏకాగ్రతకు సంబంధించినవి. వాటిలో డిఫాల్ట్ మోడ్ ఒకటి, అంతే. నిజానికి ఈ పద్ధతికి నాంది పలికింది డిఫాల్ట్ మోడ్ కాదు, కదలికకు సంబంధించిన భాగమే. 1995లో మెడికల్ కాలేజ్ ఆఫ్ విస్కాన్సిన్‌లో పరిశోధక విద్యార్థిగా ఉన్న భరత్ బిస్వాల్, మనుషులు ఊరికే పడుకుని ఉన్నప్పుడు కూడా మెదడులో చేతి కదలికలను నడిపే ఎడమ, కుడి ప్రాంతాల సంకేతాలు నిదానంగా, ఒకదానితో ఒకటి కలిసి పెరుగుతూ తగ్గుతూ ఉన్నాయని చూపించారు. అంతవరకూ ఆ హెచ్చుతగ్గులను ఎక్కువమంది రొద అనుకుని వదిలేసేవారు.

డిఫాల్ట్ మోడ్ కథ ఇంకో దారిలో వచ్చింది. వాషింగ్టన్ యూనివర్సిటీలో మార్కస్ రైకిల్ బృందం, ఏదైనా పని చెప్పినప్పుడు మెదడులో కొన్ని చోట్ల సంకేతం పెరగకపోగా తగ్గడం గమనించింది. పని ఏదైనా దాదాపు అవే చోట్లు. 2001లో వాళ్లు దీనికి 'డిఫాల్ట్ మోడ్' అని పేరు పెట్టారు. 2003లో స్టాన్‌ఫర్డ్‌లో మైకేల్ గ్రీసియస్ బృందం రెస్టింగ్ స్టేట్ స్కాన్‌లో కూడా ఆ చోట్ల సంకేతాలు కలిసి నడుస్తున్నాయని చూపించడంతో ఈ రెండు కథలూ కలిశాయి.

'డిఫాల్ట్' అనే మాట మనకు పేపర్లో అప్పు ఎగ్గొట్టిన వార్తల్లోనే ఎక్కువ కనిపిస్తుంది. ఇక్కడ ఫోన్‌లో మనం ఏమీ మార్చకముందు ఉండే సెట్టింగ్ అన్న అర్థం దగ్గరగా ఉంటుంది. అయితే ఆ పోలికను మరీ సాగదీయకండి. పని మొదలవగానే ఈ నెట్‌వర్క్ ఆగిపోదు. సొంత జ్ఞాపకాలు గుర్తు చేసుకోమన్నా, రేపటి గురించి ఊహించమన్నా, ఎదుటివాళ్ల మనసులో ఏముందో ఆలోచించమన్నా ఈ భాగాల్లోనే చాలావరకు సంకేతం పెరుగుతుంది. అందుకే "ఖాళీగా ఉన్నప్పుడు పనిచేసే నెట్‌వర్క్" అని రిపోర్టులో నిర్వచనం రాయకండి. "బయటి పని మీద దృష్టి పెట్టినప్పుడు సగటున సంకేతం తగ్గే భాగాల సమూహం, ఆ భాగాల సంకేతాలు విశ్రాంతి స్కాన్‌లో కలిసి మారుతుంటాయి" అని రాస్తే సరిపోతుంది.

2. మీ చేతిలో ఉన్న అంకె ఏమిటో చూసుకోండి

ఈ మెట్టు దగ్గర కాసేపు ఆగాలి. ఎక్కడ అతిగా చెప్పేస్తామో తెలియాలంటే ఆ అంకె ఎలా పుట్టిందో చేత్తో చేసి చూడటమే మంచి దారి.

ఒక మనిషిని 6 నిమిషాలు స్కాన్ చేశారనుకోండి. 2 సెకన్లకు ఒక బొమ్మ చొప్పున మొత్తం మెదడు బొమ్మలు 180 వస్తాయి. యంత్రం కొలిచేది న్యూరాన్ల పనిని కాదు, రక్తంలో ఆక్సిజన్ మార్పు వల్ల వచ్చే బోల్డ్ సంకేతాన్ని. న్యూరాన్లలో మార్పు వచ్చాక ఆ సంకేతం పైకి చేరడానికి 5, 6 సెకన్లు పడుతుంది. ఊపిరి, గుండె చప్పుడు, తల కదలిక అన్నీ అందులో కలిసే ఉంటాయి.

ఇప్పుడు రెండు చోట్లు ఎంచుకోండి. ఒకటి తల వెనకవైపు, రెండు అర్ధగోళాల మధ్య లోపలికి ఉండే పోస్టీరియర్ సింగ్యులేట్ కార్టెక్స్. రెండోది నుదుటి వెనక మధ్యలో ఉండే మీడియల్ ప్రీఫ్రంటల్ కార్టెక్స్. డిఫాల్ట్ మోడ్‌లో ఈ రెండూ ప్రధానమైన ముడులు. ఒక్కో చోట 8 మి.మీ. వ్యాసార్ధంతో చిన్న గోళం పెట్టి, దానిలోపలి సంకేతం సగటు తీస్తే 180 అంకెల వరుసలు రెండు వస్తాయి. పైథాన్‌లో నైలర్న్ లైబ్రరీ వాడితే పని ఇంతే. `func_file` అంటే మీ స్కాన్ ఫైల్, `conf_file` అంటే తల కదలిక లాంటి రొద అంకెలున్న ఫైల్:

```python
import numpy as np
from nilearn.maskers import NiftiSpheresMasker

seeds = [(0, -52, 18), (1, 50, -5)]
m = NiftiSpheresMasker(seeds, radius=8, detrend=True,
        standardize="zscore_sample",
        low_pass=0.1, high_pass=0.01, t_r=2)
ts = m.fit_transform(func_file, confounds=conf_file)
r = np.corrcoef(ts.T)[0, 1]
z = np.arctanh(r)
```

చివర వచ్చిన `r` అనేదే మీ 'కనెక్టివిటీ'. మన పాఠ్యపుస్తకాల మాటలో చెప్పాలంటే సహసంబంధ గుణకం. -1 నుంచి 1 దాకా ఉంటుంది. సగటులు, పోలికలు సరిగ్గా కుదరడానికి దాన్ని `z`గా మారుస్తాం. అంతకుమించి ఈ అంకెలో ఇంకేమీ లేదు. ఏ భాగం ఎంత గట్టిగా పనిచేసిందో ఇది చెప్పదు. రెండు భాగాల సంకేతమూ చాలా తక్కువ ఎత్తులో ఊగుతున్నా, కలిసి ఊగితే `r` ఎక్కువే వస్తుంది.

మన వాక్యంలో మొదటి పొరపాటు ఇదే. "ఎక్కువగా పనిచేస్తుంది" అనడానికి ఈ కొలతలో ఆధారం లేదు. కనెక్టివిటీ ఎక్కువ అంటే పని ఎక్కువ అని కాదు.

ఇంకో సంగతి. పై కోడ్ 0.01 నుంచి 0.1 హెర్ట్జ్ మధ్య హెచ్చుతగ్గులను మాత్రమే ఉంచుతుంది. అంటే ఒక ఊగు పూర్తవడానికి 10 నుంచి 100 సెకన్లు. 6 నిమిషాలంటే 360 సెకన్లు. నెమ్మదైన ఊగులు అందులో మూడున్నర మాత్రమే పడతాయి! కాబట్టి 180 బొమ్మలున్నాయి కదా అని 180 స్వతంత్ర కొలతలున్నట్టు లెక్క వేయకూడదు. ఒక్క మనిషి `r`కి సాఫ్ట్‌వేర్ చూపించే పీ-విలువను రిపోర్టులో పెట్టకండి, అది ఉన్నదానికంటే చాలా గొప్పగా కనిపిస్తుంది. ఒక్కో మనిషికి ఒక్క `z` తీసుకుని, మనుషుల మధ్య పోలిక చేయండి. రెండు గోళాల మధ్య కొలిచే ఇలాంటి ఒక్కో జత అంకె మళ్లీ స్కాన్ చేస్తే ఎంత నిలకడగా వస్తుందో 2019లో స్టెఫానీ నోబుల్ బృందం అనేక అధ్యయనాలను కలిపి చూసింది. ఆ నిలకడను కొలిచే ఐసీసీ అనే అంకె సగటున 0.29 అని తేలింది. ఆ కొలమానంలో ఇది బలహీనం కిందికే వస్తుంది. స్కాన్ పొడవు పెరిగితే నిలకడ మెరుగవుతుంది. అందుకే మీ పద్ధతుల భాగంలో ఎన్ని నిమిషాల స్కానో, బాగా కదిలిన బొమ్మలను తీసేసి శుద్ధి చేశాక ఎన్ని నిమిషాలు మిగిలిందో రాయడం తప్పనిసరి.

3. క్రియాపదాన్ని జాగ్రత్తగా ఎంచుకోండి

తెలుగులో రాసేటప్పుడు ఇంగ్లిష్‌లో లేని ఇబ్బంది ఒకటి వస్తుంది. మనకు 'సంబంధం' అన్న ఒక్క మాటే బంధుత్వానికీ, కారణానికీ, సహసంబంధానికీ పనికొస్తుంది. "ఈ రెండు భాగాలకూ సంబంధం ఉంది" అని రాస్తే చదివేవాళ్లు వాటి మధ్య తీగ ఉందనుకుంటారు. "మాట్లాడుకుంటున్నాయి" అంటే సమాచారం అటూ ఇటూ పోతోందనుకుంటారు. ఈ రెండూ `r` చెప్పని విషయాలే.

తీగ ఉందా లేదా అన్నది వేరే కొలత, దానికి డిఫ్యూజన్ ఎంఆర్ఐ లాంటివి కావాలి. తీగ నేరుగా లేకపోయినా సంకేతాలు కలిసి నడవచ్చు. ఎడమ, కుడి అర్ధగోళాలను కలిపే పెద్ద నరాల కట్ట, కార్పస్ కలోసమ్, పుట్టుకతోనే లేని పెద్దవాళ్లను కాల్టెక్‌లో స్కాన్ చేసి 2011లో ఫలితం ప్రచురించారు. రెండు వైపులా ఉండే రెస్టింగ్ స్టేట్ నెట్‌వర్కులు వాళ్లలోనూ చాలావరకు మామూలుగానే కనిపించాయి. ప్రధాన వంతెనే లేకుండా రెండు ఒడ్లూ కలిసి ఊగుతున్నాయన్నమాట. మూడో భాగం ఏదైనా రెండింటినీ ఒకేసారి ఊపినా అలాగే కనిపిస్తుంది.

కాబట్టి నేను సూచించే వాడుక ఇది: "ఈ రెండు భాగాల బోల్డ్ సంకేతాలు కలిసి మారాయి", "సహసంబంధం ఎక్కువగా కనిపించింది", "ఫంక్షనల్ కనెక్టివిటీ తక్కువగా వచ్చింది". రిపోర్టు మొదట్లోనే ఒక్కసారి "ఈ రిపోర్టులో కనెక్టివిటీ అంటే రెండు సంకేతాల మధ్య సహసంబంధం మాత్రమే" అని రాసేయండి. తర్వాత ప్రతిచోటా విడమరచి చెప్పక్కర్లేదు. "బలహీనపడింది", "తెగిపోయింది", "దెబ్బతింది" అనే మాటలు అసలు వద్దు. వాటిలో ఇదివరకు బాగుండేదన్న అర్థం దాగి ఉంది. మీరు ఒక్కసారే స్కాన్ చేశారు, ఇదివరకు ఎలా ఉండేదో మీకు తెలియదు.

4. తేడా మెదడుదా, తల కదలికదా?

రెండు గ్రూపుల మధ్య తేడా కనిపించగానే అర్థం వెతకడం మొదలుపెట్టకండి. ముందు కదలిక చూడండి. 2012లో జొనాథన్ పవర్ బృందం ఒక మాట గట్టిగా చెప్పింది: మిల్లీమీటరులో చిన్న భాగమంత తల కదిలినా కనెక్టివిటీ అంకెలు మారిపోతాయి, అదీ ఒక పద్ధతిలో మారతాయి. దగ్గరి భాగాల మధ్య సహసంబంధం పెరిగినట్టు, దూరపు భాగాల మధ్య తగ్గినట్టు కనిపిస్తుంది. అదే ఏడాది మరో రెండు బృందాలు కూడా ఇదే చూపించాయి.

ఇప్పుడు మన రెండు గోళాల కోడ్‌లోని అంకెలను మళ్లీ చూడండి. ఒకదానికి ముందు-వెనక విలువ మిల్లీమీటర్లలో -52, రెండోదానికి 50. అంటే వాటి మధ్య దూరం 10 సెం.మీ. పైనే. తల కదలిక వల్ల అబద్ధపు తగ్గుదల కనిపించడానికి ఇంతకంటే అనువైన జత ఉండదు. రోగులు, పిల్లలు, ఆందోళనలో ఉన్నవాళ్లు యంత్రంలో కాస్త ఎక్కువ కదులుతారు. రోగుల గ్రూపులో కనెక్టివిటీ తక్కువ అని వచ్చినప్పుడు అది కదలికే కావచ్చు.

చూసుకునే పద్ధతి కష్టమేమీ కాదు. స్కాన్ డేటాను శుద్ధి చేసే ఎఫ్ఎంఆర్ఐప్రెప్ సాఫ్ట్‌వేర్ వాడితే దాని `confounds_timeseries.tsv` ఫైల్‌లో `framewise_displacement` అనే కాలమ్ ఉంటుంది. ఒక బొమ్మ నుంచి తర్వాతి బొమ్మకు తల ఎంత కదిలిందో మిల్లీమీటర్లలో ఇస్తుంది. ఒక్కో మనిషికి దాని సగటు తీసి, రెండు గ్రూపులనూ పక్కపక్కన గ్రాఫ్ గీయండి. తర్వాత అందరినీ కలిపి, కదలిక సగటుకూ `z`కీ మధ్య గ్రాఫ్ గీయండి. చుక్కలు ఏటవాలుగా కిందికి దిగుతుంటే మీ ఫలితంలో కదలిక ఉందన్నమాట. బాగా కదిలిన బొమ్మలను తీసేయడానికి 0.5 మి.మీ. హద్దు పెట్టుకునేవాళ్లున్నారు, 0.2 అని కఠినంగా ఉండేవాళ్లూ ఉన్నారు. మీరు ఏది పెట్టుకున్నా ఫలితం చూడకముందే పెట్టుకోండి, దాన్ని రాయండి.

నిద్ర మాటేమిటి? "నిద్రపోకండి" అని చెప్పినంత మాత్రాన అందరూ మేలుకుని ఉండరు. చీకటిగా ఉంటుంది, పడుకుని ఉంటారు, యంత్రం ఒకే లయలో మోగుతుంటుంది. ఎఫ్ఎంఆర్ఐతో పాటు ఈఈజీ కూడా తీసిన డేటాను పరిశీలించి టాలియాజుకీ, లౌఫ్స్ 2014లో చెప్పినదాని ప్రకారం, స్కాన్ మొదలైన 3 నిమిషాల్లోపే మూడో వంతు మంది కునుకులోకి జారిపోతారు. గాఢ నిద్రలో డిఫాల్ట్ మోడ్‌లోని ముందు, వెనక భాగాల మధ్య సహసంబంధం తగ్గుతుందని కూడా తెలుసు. రాత్రిళ్లు సరిగ్గా నిద్రపట్టని డిప్రెషన్ రోగి స్కానర్‌లో కునికితే, మీరు కొలిచింది డిప్రెషన్‌నా, కునుకునా? కళ్లు తెరిచి ఉన్నారా, ఎవరైనా కెమెరాలో గమనించారా, స్కాన్ తర్వాత "నిద్ర పట్టిందా?" అని అడిగారా అన్నది రాయండి. అడగకపోతే అడగలేదని రాయండి.

మొత్తం మెదడు సగటు సంకేతాన్ని తీసేసే గ్లోబల్ సిగ్నల్ రిగ్రెషన్ గురించి ఒక్కమాట. 2005లో మైకేల్ ఫాక్స్ బృందం డిఫాల్ట్ మోడ్, ఏకాగ్రత నెట్‌వర్కులు ఒకటి పెరిగితే ఒకటి తగ్గుతాయని చూపించాక అది చాలా ప్రసిద్ధమైంది. 2009లో కెవిన్ మర్ఫీ బృందం, ఆ సగటును తీసేస్తే కొన్ని ఋణ సహసంబంధాలు లెక్కలోంచే పుట్టుకొస్తాయని చూపించింది. ఆ వాదన ఇంకా తెగలేదు. మీరు ఆ మెట్టు వాడి ఉంటే "ఈ రెండు నెట్‌వర్కులూ ఒకదానికొకటి వ్యతిరేకం" అని రాయకుండా, "గ్లోబల్ సిగ్నల్ తీసేశాక ఋణ సహసంబంధం వచ్చింది" అని రాయండి.

5. పాత ఫలితాలను చెప్పేటప్పుడు ఒకవైపే చూడకండి

"డిప్రెషన్‌లో డిఫాల్ట్ మోడ్ కనెక్టివిటీ పెరుగుతుంది" అన్న మాటకు ఆధారం ఉంది. 2015లో రోజలిండ్ కైజర్ బృందం 27 డేటా సెట్లను కలిపి, 556 మంది రోగులనూ 518 మంది ఆరోగ్యవంతులనూ పోల్చింది. డిఫాల్ట్ నెట్‌వర్క్ లోపల కనెక్టివిటీ రోగుల్లో ఎక్కువ అని వచ్చింది. చాలా రిపోర్టుల నేపథ్యం ఇక్కడితోనే ఆగిపోతుంది.

2019లో చైనాలోని 25 పరిశోధక బృందాలు తమ డేటాను ఒకచోట చేర్చాయి. 1,300 మంది రోగులు, 1,128 మంది ఆరోగ్యవంతులు. అందరి డేటానూ ఒకే పద్ధతిలో శుద్ధి చేసి, నాణ్యత లేనివి తీసేసి, 848 మంది రోగులను 794 మందితో పోల్చారు. ఈసారి డిఫాల్ట్ మోడ్ కనెక్టివిటీ రోగుల్లో తక్కువ అని వచ్చింది. ఇంకా లోపలికి వెళ్లి చూస్తే, డిప్రెషన్ మళ్లీ మళ్లీ వచ్చినవాళ్లలోనే ఆ తగ్గుదల కనిపించింది. మొదటిసారి జబ్బుపడి, ఇంకా మందు మొదలుపెట్టనివాళ్లలో కనిపించలేదు. మందులు వాడటంతో ఆ తగ్గుదల ముడిపడి ఉంది, జబ్బు ఎంతకాలంగా ఉందన్నదానితో మాత్రం లేదు.

ఈ రెండు ఫలితాలనూ పక్కపక్కన పెట్టి విద్యార్థులు నన్ను అడిగే ప్రశ్న ఒకటే: "మరి ఏది కరెక్ట్ సార్?" నేను చెప్పేది, రిపోర్టులో తీర్పు చెప్పడం మీ పని కాదు, తేడాకు కారణం ఏమై ఉండొచ్చో చూపించడమే మీ పని. మొదటిది అప్పటికే ప్రచురితమైన, చాలావరకు చిన్న అధ్యయనాల కూడిక. ఒక్కో చోట ఒక్కో శుద్ధి పద్ధతి. రెండోది అసలు డేటానే తెచ్చుకుని ఒకే దారిలో లెక్కించింది. రోగుల మందులు, జబ్బు దశ వేరు. ఇవన్నీ మూడు నాలుగు వాక్యాల్లో చెప్పొచ్చు. నేపథ్యంలో ఇలా రాస్తే చాలు: "డిప్రెషన్‌లో డిఫాల్ట్ మోడ్ కనెక్టివిటీ ఎక్కువని 2015 నాటి మెటా అనాలిసిస్, తక్కువని 2019 నాటి బహుళ కేంద్ర అధ్యయనం చెబుతున్నాయి. రెండో అధ్యయనంలో ఆ తగ్గుదల జబ్బు తిరగబెట్టిన రోగులకే పరిమితమై, మందుల వాడకంతో ముడిపడి ఉంది." రెండు వాక్యాలు చదవగానే ఈ విద్యార్థికి సబ్జెక్టు తెలుసని దిద్దేవాళ్లకు అర్థమవుతుంది.

మన మొదటి వాక్యంలో "డిప్రెషన్ ఉన్నవాళ్లలో" అన్న మాట కూడా ఇక్కడే దిద్దుకోవాలి. పోలికలన్నీ గ్రూపు సగటులవి. రెండు గ్రూపుల అంకెలూ ఎప్పుడూ ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి. చాలామంది రోగుల `z` ఆరోగ్యవంతుల సగటు కంటే ఎక్కువే ఉండొచ్చు. ఒక్క మనిషి స్కాన్ చూసి డిప్రెషన్ ఉందో లేదో చెప్పలేం. అందుకే "రోగుల గ్రూపు సగటు" అనే రాయండి. వీలైతే గ్రాఫ్‌లో బార్లకు బదులు ప్రతి మనిషినీ ఒక చుక్కగా చూపించండి, ఎంత కలిసిపోయి ఉన్నాయో కంటికే కనిపిస్తుంది.

6. మెదడు నుంచి మనసుకు దూకకండి

"అందుకే వాళ్లు జరిగిపోయినవాటినే తలుచుకుంటారు." ఈ 'అందుకే' దగ్గర రెండు దూకుళ్లున్నాయి. మొదటిది, డిఫాల్ట్ మోడ్‌లో తేడా కనిపించింది కాబట్టి మనిషి గతం తలుచుకుంటున్నాడని అనుకోవడం. దీన్ని రివర్స్ ఇన్ఫరెన్స్ అంటారు. రసెల్ పోల్‌డ్రాక్ 2006లో దీని గురించి వివరంగా రాశారు. గతం తలుచుకున్నప్పుడు ఈ భాగాల్లో సంకేతం పెరుగుతుందన్నది నిజమే. కానీ రేపటి గురించి ఊహించినా, ఎదుటివాళ్ల గురించి ఆలోచించినా, ధ్యాస ఎటో పోయినా పెరుగుతుంది. పొగ కనిపించింది కదా అని వంటింట్లో పప్పే మాడిందని చెప్పలేం కదా. స్కాన్‌లో ఆ మనిషి ఏం ఆలోచించాడో మీరు అడగకపోతే మీకు తెలియదు.

రెండోది, ఏది కారణం, ఏది ఫలితం అన్నది. దీనికి చాలామంది ఒక ప్రశ్నావళి ఇచ్చి, ఒకే విషయాన్ని పదే పదే తలపోయడాన్ని కొలిచి, ఆ స్కోరుకూ `z`కీ సహసంబంధం తీస్తారు. మంచిదే, అడగకపోవడం కంటే మేలు. కానీ 20 మందితో చేసి 0.45 వచ్చిందనుకోండి. పీ-విలువ 0.05 లోపే ఉంటుంది, సంబరంగా ఉంటుంది. కానీ దాని 95 శాతం విశ్వాస అంతరం లెక్కించండి. 0.45ని `arctanh` చేస్తే 0.485. దానికి అటూ ఇటూ 1.96/√17, అంటే 0.475. మళ్లీ వెనక్కి మార్చితే 0.01 నుంచి 0.74 దాకా. అసలు సంబంధం దాదాపు సున్నా కావచ్చు, చాలా బలమైనదీ కావచ్చు, మీ డేటా రెండింటినీ ఒప్పుకుంటోంది. 2022లో స్కాట్ మారెక్ బృందం చూపించినట్టు, మెదడు కొలతలకూ ప్రవర్తనకూ మధ్య ఇలాంటి సంబంధాలు నిజానికి చాలా చిన్నవి, వేలమంది ఉంటేగానీ నిలకడగా దొరకవు. కాబట్టి అంతరాన్ని తప్పకుండా వాక్యంలోనే పెట్టండి, పట్టికలో దాచకండి.

'వల్ల', 'అందుకే', 'దారితీస్తుంది', 'కారణంగా' అనే మాటల కోసం మీ ఫైల్‌లో ఒకసారి వెతకండి. దొరికిన ప్రతిచోటా, నేను ఏదైనా మార్చి చూశానా, లేక ఉన్నదాన్ని కొలిచానా అని అడగండి. కొలిచారంతే అయితే "తో పాటు కనిపించింది" అని మార్చండి. అలాగే 'రుజువైంది' ఉంటే 'కనిపించింది' చేయండి.

7. ఇప్పుడు ఫలితం రాయండి

ఒక ఊహాత్మక ప్రాజెక్టు తీసుకుందాం, అంకెలు అభ్యాసానికి నేను వేసినవి. రోగులు 22 మంది, పోలిక గ్రూపు 22 మంది. `z` సగటు రోగుల్లో 0.38, పోలిక గ్రూపులో 0.47. రెండింటిలోనూ ప్రామాణిక విచలనం 0.18. తేడా -0.09, దాని 95 శాతం అంతరం -0.20 నుంచి 0.02. పీ-విలువ 0.10 దగ్గర. తల కదలిక సగటు రోగుల్లో 0.21 మి.మీ., మిగతావాళ్లలో 0.14.

ఇలాంటిచోట విద్యార్థులు రెండు వైపులా పడిపోతారు. కొందరు "రోగుల్లో కనెక్టివిటీ 19 శాతం తగ్గింది" అంటారు. సహసంబంధానికి శాతం లెక్క అర్థం లేనిది, అంతరంలో సున్నా ఉన్న సంగతి కూడా దాంతో మరుగున పడుతుంది. కొందరు "రెండు గ్రూపుల మధ్య తేడా లేదు" అంటారు. అది కూడా తప్పే. 'తేడా లేదు' వేరు, 'తేడా కనిపించలేదు' వేరు. మన భాషలో ఈ రెండూ ఇంత చక్కగా విడివిడిగా ఉన్నాయి, వాడుకుందాం. -0.20 అంతటి తేడా ఉండే వీలును కూడా ఈ డేటా కొట్టిపారేయలేదు.

నేనైతే ఇలా రాస్తాను:

"పోస్టీరియర్ సింగ్యులేట్, మీడియల్ ప్రీఫ్రంటల్ కార్టెక్స్‌ల బోల్డ్ సంకేతాల మధ్య సహసంబంధం రోగుల గ్రూపులో సగటున కొంత తక్కువగా వచ్చింది (తేడా -0.09, 95 శాతం విశ్వాస అంతరం -0.20 నుంచి 0.02). ఈ అంతరంలో సున్నా ఉంది కాబట్టి గ్రూపుల మధ్య తేడా ఉందని ఈ డేటాతో చెప్పలేం, లేదనీ చెప్పలేం. రోగుల్లో తల కదలిక ఎక్కువ. కదలిక దూరపు భాగాల మధ్య సహసంబంధాన్ని తక్కువ చేసి చూపుతుంది కాబట్టి, కనిపించిన తేడాలో కొంత భాగం దానిదే కావచ్చు. స్కాన్ సమయంలో నిద్రను కొలవలేదు. రోగుల్లో మందులు వాడేవాళ్లనూ వాడనివాళ్లనూ విడదీసి చూడటానికి తగినంత మంది లేరు."

ఇందులో పరిమితులు విడిగా చివర్లో ఒక పేరాగా లేవు, ఫలితం పక్కనే ఉన్నాయి. "శాంపుల్ చిన్నది, మరిన్ని అధ్యయనాలు అవసరం" అని చివర ఒక లైను పడేస్తే అది ఏ ప్రాజెక్టుకైనా సరిపోతుంది. మీ పరిమితి మీ ఫలితాన్ని ఎటువైపు వంచుతుందో చెప్పాలి. పై ఉదాహరణలో కదలిక తగ్గుదలవైపే వంచుతుంది, మన ఫలితమూ తగ్గుదలే, అందుకే అది గట్టి అనుమానం. అదే ఫలితం పెరుగుదల అయి ఉంటే, కదలిక గురించి ఈ జత విషయంలో ఇంత భయపడనక్కర్లేదు. అప్పుడు ఆ మాటా రాయొచ్చు.

చివరగా శీర్షిక, సారాంశం మళ్లీ చదవండి. లోపల ఇంత జాగ్రత్తగా రాసి, పైన "డిప్రెషన్‌లో డిఫాల్ట్ మోడ్ లోపం" అని పెట్టినవాళ్లను చూశాను. సారాంశం చివర రాస్తాం, అలసిపోయి ఉంటాం, సబ్మిషన్ టెన్షన్‌లో పాత అలవాటు మాటలు జారిపోతాయి. సారాంశంలో ప్రతి వాక్యం పక్కనా, అది ఫలితాల భాగంలో ఏ వాక్యం నుంచి వచ్చిందో పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. గుర్తు పెట్టడానికి వాక్యం దొరకకపోతే దాన్ని కొట్టేయండి. "డిప్రెషన్ ఉన్న, లేని పెద్దవాళ్లలో డిఫాల్ట్ మోడ్ ఫంక్షనల్ కనెక్టివిటీ పోలిక: ఒక చిన్న అధ్యయనం" అని శీర్షిక పెడితే, లోపల ఏముందో పైనా అదే ఉంటుంది.